సింక్ టైము మార్పు: రొయ్యల ప్లాంటు ఐటీ మనిషికి రాసిన ఒక మెసేజి కథ (కేస్ స్టడీ)

నేపథ్యం

భీమవరం చుట్టుపక్కల వనామి రొయ్యలు కొని, శుద్ధి చేసి, ఎగుమతి చేసే ప్లాంటు ఒకటి మా క్లయింటు. ఎవరో పోల్చుకోకుండా తేదీలు, నంబర్లు మార్చాను. మా సాఫ్ట్‌వేర్ పని చెరువు గట్టు మీద మొదలవుతుంది. పట్టుబడి జరిగేచోట కొనుగోలు సూపర్‌వైజరు టాబ్లెట్‌లో కాటా చీటీ కొడతాడు. ఏ రైతు, ఏ చెరువు, ఎన్ని ట్రేలు, ఎన్ని కేజీలు, శాంపిల్ తీస్తే కేజీకి ఎన్ని పీసులు తూగాయి, ఇదంతా అందులో ఉంటుంది. సిగ్నల్ దొరికినప్పుడల్లా ఆ చీటీలు క్లౌడ్‌లో ఉన్న మా సర్వరుకు చేరతాయి. రోజుకు ఒకసారి, రాత్రి 11:30కి, అప్పటిదాకా వచ్చిన చీటీలన్నీ ఒక బ్యాచ్‌గా కట్టి ప్లాంటు ఆఫీసులోని వాళ్ల సర్వరులోకి పంపేవాళ్లం. ఇక్కడ సింక్ అంటున్నది దాన్నే.

ఆ తర్వాతదంతా వాళ్ల చేతిలో పని. ఉదయం 6:00కి వాళ్ల స్క్రిప్టు ఒకటి నడిచి రైతుల చెల్లింపుల ఫైలు తయారుచేస్తుంది. అకౌంట్స్ వాళ్లు వచ్చాక దాన్ని బ్యాంకు పోర్టల్‌లో ఎక్కిస్తారు. ఈ స్క్రిప్టు రాసింది, చూసుకునేది ఆ ప్లాంటు ఐటీ మనిషి. మా కాగితాల్లో ఆయన హోదా 'టెక్నికల్ కాంటాక్ట్'. నిజానికి సీసీ కెమెరాలు, వేబ్రిడ్జి, వేలిముద్రల హాజరు యంత్రం, కోల్డ్ స్టోరేజిలో ఉష్ణోగ్రత రాసే పెట్టెలు, అన్నీ ఆయన నెత్తినే. మెసేజి రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. మన మెయిలు ఆయనకు తీరిగ్గా కుర్చీలో కూర్చున్నప్పుడు అందదు, నిచ్చెన మీద కెమెరా బిగిస్తున్నప్పుడు అందుతుంది.

సమస్య

మార్చి దాటి ఎండలు ముదిరేసరికి పట్టుబడులు రాత్రికి మారాయి. వేడిలో రొయ్య నిలవదు, ఐసు ఎక్కువ పడుతుంది. అందుకని రాత్రి పదింటికి వల వేస్తే తెల్లవారుజామున మూడు, మూడున్నరకు ఆఖరి వ్యాను కదులుతుంది. మా సింకేమో 11:30కే అయిపోతోంది. అంటే ఒకే చెరువు సరుకు సగం ఈ బ్యాచ్‌లో, సగం మర్నాటి బ్యాచ్‌లో పడుతోంది.

సగం డబ్బు ఒకరోజు ఆలస్యంగా పడటం ఒక్కటే అయితే రైతులు సర్దుకునేవాళ్లేమో. కౌంటు దగ్గర గొడవ వచ్చింది. 40 కౌంటు అంటే కేజీకి 40 పీసులు. ఆ అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. బేరం చెరువు మొత్తం సగటు కౌంటు మీద కుదురుతుంది. ఒక చెరువులో 3,000 కేజీలు పట్టారు అనుకోండి. 11:30 లోపు తూచిన 1,200 కేజీలకు 38 కౌంటు వచ్చింది, తర్వాతి 1,800 కేజీలకు 43 వచ్చింది. మొత్తం మీద సగటు 41. రైతుకు ఏజెంటు చెప్పింది కూడా 41 రేటే. కానీ రెండు బ్యాచ్‌లుగా విడిపోయేసరికి ఒక బిల్లు 38 మీద, రెండోది 43 మీద తయారైంది. రేటు కౌంటుతో పాటు మెట్లు మెట్లుగా మారుతుంది కాబట్టి ఈ రెండు బిల్లుల మొత్తం 41 లెక్కతో కలవదు. పైగా రెండో బిల్లు చేతిలో పడ్డ రైతు దాని మీద 43 చూసి నేరుగా ప్లాంటుకు ఫోను చేస్తాడు. అలాంటి ఫోన్లు పెరిగాక యాజమాన్యం మమ్మల్ని పిలిచింది.

సింక్‌ను జరపాలని తేల్చేముందు ఆలోచించినవి

ముందు సూపర్‌వైజర్లనే 11:30 లోపు చీటీలు ముగించమని చెప్పి చూశారు. వల ఎప్పుడు వేయాలన్నది సూపర్‌వైజరు చేతిలో ఉండదు. రైతు, కూలీల ముఠా, ఐసు బండి కలిసి తేల్చే విషయం అది. వారం తిరక్కముందే ఆ మాట గాలికి పోయింది.

గంటగంటకూ సింక్ చేస్తే సరిపోతుంది కదా అని మా వాళ్లే ఒకరు అన్నారు. డేటా తొందరగా చేరడమే మన లోటయితే అది సరైన మందే. మన ఇబ్బంది చెరువు లెక్క పూర్తి కాకుండానే వెళ్లిపోవడం. గంటకోసారి పంపితే ఒకే చెరువు రెండు ముక్కలు కాదు, ఐదు ముక్కలవుతుంది. 11:30కి ఒకటి, తెల్లవారుజామున ఇంకొకటి అంటే కూడా అదే రోగం. చివరికి ఒక్క సింకే ఉంచి, అది పట్టుబడులన్నీ ముగిశాక నడిచేలా పెట్టాలని తేల్చాం.

ఎన్నింటికి అన్నది రెండు వైపుల నుంచి ఇరుకైంది. ఆఖరి చీటీ 3:30 ప్రాంతంలో పడుతుంది. గట్టు మీద సిగ్నల్ లేని టాబ్లెట్లు రోడ్డెక్కాక గానీ డేటా పంపవు కాబట్టి ఇంకో ముప్పావుగంట వదలాలి. అవతల వాళ్ల చెల్లింపు స్క్రిప్టు 6:00కి నడుస్తుంది. సింక్‌కు పట్టేది పది నిమిషాలే అయినా, లైను తెగితే మళ్లీ ప్రయత్నించడానికి చోటు ఉండాలి. అలా 4:15 కుదిరింది. మళ్లీ ప్రయత్నాలు అరగంటకొకటి చొప్పున 4:45, 5:15, 5:45.

మొదట వెళ్లిన మెసేజి, దానికి వచ్చిన జవాబు

ఇలాంటి మార్పులకు మా దగ్గర ఒక నమూనా మెయిలు ఉంది. సర్వర్ల బృందం దాన్నే నింపి పంపింది. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. సేవ మెరుగుదల కోసం సింక్ షెడ్యూలు మారుస్తున్నాం, కొత్త టైము 22:45 యూటీసీ, ట్రయల్ ఫలానా రాత్రి, దయచేసి మీ వైపు అవసరమైన మార్పులు చేసుకోగలరు. గంటలోపే జవాబు వచ్చింది: "నోటెడ్ అండి. ఫైర్‌వాల్ మార్చేశాను."

ఆయన నిజంగానే మార్చారు. వాళ్ల ఫైర్‌వాల్ మా సర్వరును రాత్రి 11:15 నుంచి 12:30 వరకే లోపలికి రానిస్తుంది. మెయిల్లో 22:45 కనిపించింది కాబట్టి ఆ కిటికీని 10:30 నుంచి 11:45కు జరిపారు. యూటీసీ మన టైముకు ఐదున్నర గంటలు వెనుక. 22:45 యూటీసీ అంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 4:15. మా సర్వరు గడియారం యూటీసీలో నడుస్తుంది కాబట్టి షెడ్యూలు వరుస ఇలా మారింది, మా వాళ్లు అక్కడున్నదే మెయిల్లోకి ఎత్తి రాశారు:

```
# పాతది: మన టైము రాత్రి 11:30
0 18 * * *
# కొత్తది: మన టైము తెల్లవారుజామున 4:15
45 22 * * *
```

ట్రయల్ కోసం అసలు టేబుల్ ముట్టుకోకుండా దాని నకలులోకి 4:15కి సింక్ పెట్టాం. అసలు సింక్ యథాప్రకారం 11:30కే నడిచింది. జరిపిన కిటికీలో కూడా 11:30 ఉంది కాబట్టి దానికి ఏమీ కాలేదు. 4:15 ప్రయత్నం ఫైర్‌వాల్ దగ్గర ఆగింది. 4:45, 5:15 కూడా అంతే. మా నైట్ డ్యూటీ అబ్బాయి ఆయనకు ఫోను చేస్తే, పాపం నిద్రలోంచి లేచి 5:40కి కిటికీ చేత్తో తెరిచారు. 5:45 ప్రయత్నం లోపలికి వెళ్లింది. డేటా అంతా చేరింది, వరుసల లెక్క కూడా సరిపోయింది.

కానీ 6:00కి ఆయన స్క్రిప్టును నకలు మీద నడిపితే ఖాళీ ఫైలు వచ్చింది. ఎర్రర్ లేదు, ఫైల్లో ఒక్క రైతు పేరూ లేదు.

ఖాళీ ఫైలు ఎందుకు వచ్చింది

ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి. మెసేజిలో ఏం ఉండాలో నేర్పింది ఇదే.

ప్రతి బ్యాచ్‌కు మా సర్వరు `sync_date` అని ఒక తేదీ కొడుతుంది. అది యూటీసీ తేదీ. వాళ్ల సర్వరు మన టైములో ఉంటుంది. వాళ్ల స్క్రిప్టు "నిన్నటి తేదీ ఉన్న బ్యాచ్ తీసుకో" అంటుంది. పాత పద్ధతిలో 7వ తేదీ రాత్రి 11:30కి యూటీసీలో సాయంత్రం 6:00, ఇంకా 7వ తేదీయే. మర్నాడు, 8వ తేదీ ఉదయం 6:00కి స్క్రిప్టు నిన్నటిది అడిగితే 7 దొరుకుతుంది.

కొత్త పద్ధతిలో 8వ తేదీ తెల్లవారుజామున 4:15 అంటే యూటీసీలో 7వ తేదీ 22:45. ముద్ర మళ్లీ 7 అనే పడుతుంది. స్క్రిప్టులో ఏమీ మార్చకుండానే అన్నీ కుదిరినట్టు కనిపిస్తాయి. ట్రయల్ రాత్రి మొదటి ప్రయత్నమే లోపలికి వెళ్లి ఉంటే అంతా బాగుందని సంతకం పెట్టేసి ఉండేవాళ్లం. కానీ యూటీసీలో తేదీ మారేది మన టైము ఉదయం 5:30కి. ఆ రోజు 5:45కి వెళ్లిన బ్యాచ్ మీద 8 అని పడింది. స్క్రిప్టు 7 కోసం వెతికి ఉత్త చేతులతో వచ్చింది.

పాత షెడ్యూలుకు, ఈ తేదీ గీతకు మధ్య ఆరు గంటల ఎడం ఉండేది. లైను తెగినా, ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించినా ఎవరూ ఆ గీత దాటలేదు, అందుకే అది ఉందని కూడా ఎవరికీ తెలియదు. కొత్త షెడ్యూల్లో ఆ ఎడం గంటంబావు.

ఇదే నకలు మీద కాక అసలు టేబుల్ మీద జరిగితే, ఆలస్యంగా పడటం కంటే పెద్ద ప్రమాదం మర్నాడు కాచుకుని ఉంటుంది. 8న ఖాళీ ఫైలు చూసిన అకౌంట్స్ వాళ్లు ఊరుకోరు; రైతులు ఫోన్లు చేస్తుంటే కాటా చీటీలు ముందేసుకుని చేత్తో చెల్లించేస్తారు. 9న తెల్లవారుజామున 4:15కి వచ్చే మామూలు బ్యాచ్ మీద కూడా 8 అనే పడుతుంది. ఆ ఉదయం స్క్రిప్టు 8 అడిగితే రెండు బ్యాచ్‌లూ వస్తాయి. చేత్తో చెల్లించినవాళ్లకు మళ్లీ డబ్బు వెళ్తుంది.

మా వైపు చేయగలిగింది వెంటనే చేశాం. మళ్లీ ప్రయత్నాలను ఇరవై నిమిషాలకొకటి చేసి 4:35, 4:55, 5:15కి కుదించాం. ఆఖరిది కూడా గీతకు ఇవతలే ఉంటుంది. `sync_date` ముద్రను మన టైములోకి మార్చేస్తే పోలేదా అని అడగొచ్చు. మార్చితే 4:15 బ్యాచ్ మీద 'నేడు' పడుతుంది, వాళ్ల స్క్రిప్టు 'నిన్న' వెతుకుతుంది; రెండు వైపులా ఒకే క్షణంలో మార్చాలి, ఒకటి వెనకబడితే ఒక బ్యాచ్ జారిపోతుంది. స్క్రిప్టు తేదీ మీద ఆధారపడటమే మానేయడం మేలనిపించింది. బ్యాచ్ నంబరు వరుసగా పెరుగుతుంది, దానికి గడియారంతో పని లేదు.

ఫోనులో తేలినవి

రెండో మెసేజి రాసే ముందు ఆయనకు ఫోను చేశాను. "మీరు ఏం మార్చాలి?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు ఎవరైనా ఫైర్‌వాల్ అనే చెబుతారు. "రాత్రి పదకొండు నుంచి ఉదయం ఏడు దాకా ఆ సర్వరు మీద ఏమేం నడుస్తాయో గంటల వారీగా చెప్పండి" అన్నాను. ఆయన టాస్క్ షెడ్యూలర్ తెరిచి చదివారు. 12:15కి ఒక అలర్టు ఉంది. ఆ రోజు డేటా రాకపోతే ఆయన ఫోను మోగుతుంది. 4:00కి పూర్తి బ్యాకప్ మొదలై ముప్పావుగంట దాకా డిస్కును పట్టుకుంటుంది. 6:00కి చెల్లింపు ఫైలు.

అలర్టు సంగతి అల్పంగా కనిపిస్తుంది గానీ వదిలేస్తే అదే ముంచుతుంది. సింక్ 4:15కి జరిగి అలర్టు 12:15కే ఉంటే ప్రతి రాత్రీ మోగుతుంది. "రెండ్రోజులు చూసి సైలెంట్‌లో పెట్టేస్తానండి, ఇంక ఏం చేస్తాను" అని ఆయనే నవ్వారు. అప్పుడు నిజంగా డేటా రాని రోజున మోగేది ఏదీ ఉండదు.

రెండో మెసేజి

ఇది తెలుగులో రాశాను. వాట్సాప్‌లో పంపి, అదే మెయిలుకూ పెట్టాను. పేర్లు తీసేసి యథాతథంగా ఇస్తున్నాను.

> గారూ, నమస్తే అండి. మొన్నటి మెయిలు పక్కన పెట్టేయండి, దాని బదులు ఇది చూడండి. ఇందులో టైములన్నీ మన టైమే.
>
> మార్పు: కాటా చీటీల సింక్ ఇప్పుడు రాత్రి 11:30కి నడుస్తోంది. ఏప్రిల్ 17, శుక్రవారం నుంచి తెల్లవారుజామున 4:15కి నడుస్తుంది. 11:30 సింక్ ఆఖరిసారి ఏప్రిల్ 15, బుధవారం రాత్రి. 16, గురువారం రాత్రి 11:30కి ఏమీ రాదు, కంగారు పడొద్దు.
>
> ఎందుకు: రాత్రి పట్టుబడుల్లో ఒకే చెరువు సరుకు రెండు బ్యాచ్‌లుగా పడి, రైతుకు రెండు కౌంట్లతో రెండు బిల్లులు వెళ్తున్నాయి. 4:15కల్లా చెరువు లెక్క పూర్తవుతుంది, ఒకే బిల్లు వస్తుంది.
>
> మీరు మార్చాల్సినవి నాలుగు:
>
> 1. ఫైర్‌వాల్: తెల్లవారుజామున 4:00 నుంచి 5:45 వరకు కొత్త రూల్ ఒకటి కలపండి. రాత్రి 11:15–12:30 పాత రూల్ తిరిగి పెట్టండి, 17వ తేదీ ఉదయం దాకా తీయొద్దు. 15 రాత్రికి అది కావాలి, మార్పు ఆగితే 16 రాత్రికీ కావాలి.
>
> 2. బ్యాకప్: 4:00 నుంచి 2:30కి జరపండి. ఆ రాత్రి బ్యాచ్ బ్యాకప్‌లోకి రాదు, ఫర్వాలేదు. మా దగ్గర ఉంటుంది, అడిగితే మళ్లీ పంపుతాం.
>
> 3. అలర్టు: 12:15 తీసేసి 5:30కి పెట్టండి. మా ఆఖరి ప్రయత్నం 5:15కి. 5:30కి మోగిందంటే ఆ రోజు బ్యాచ్ రాలేదనే అర్థం.
>
> 4. చెల్లింపు స్క్రిప్టు: టైము 6:00 అలాగే ఉంచండి. తేదీ బట్టి కాకుండా బ్యాచ్ నంబరు బట్టి తీసుకునేలా మార్చాలి. వరుస కింద ఇచ్చాను. ఇది 16న ఉదయం 6:00 ఫైలు వచ్చాక, సాయంత్రం 5:00 లోపు చేయండి. అంతకుముందు చేయొద్దు.
>
> మారనివి: టేబుల్ పేరు, కాలమ్‌లు, లాగిన్, మా సర్వరు ఐపీ.
>
> 17న 5:30కి అలర్టు మోగితే: 6:00 ఫైలు బ్యాంకులో ఎక్కించొద్దని, చేత్తో కూడా ఎవరికీ చెల్లించొద్దని అకౌంట్స్‌కు చెప్పండి. నాకు ఫోను చేయండి, మెలకువగానే ఉంటాను. బ్యాచ్ మళ్లీ పంపి, ఫైలు మళ్లీ తీద్దాం.
>
> 16 సాయంత్రం 6:00 లోపు నాకు రెండు పంపండి: ఫైర్‌వాల్ కొత్త రూల్ స్క్రీన్‌షాటు ఒకటి, మార్చిన స్క్రిప్టును చేత్తో నడిపితే వచ్చిన ఫలితం ఒకటి. కొత్త బ్యాచ్ ఇంకా లేదు కాబట్టి ఆ ఫలితంలో వరుసలు సున్నా రావాలి. ఆ రెండూ అందకపోతే మార్పు ఆపేసి ఆ రాత్రి 11:30 సింకే నడుపుతాను. అప్పుడు పాత స్క్రిప్టు తిరిగి పెట్టమని ఫోను చేస్తాను.

దాని కింద ఇచ్చిన ముక్క ఇది:

```sql
-- పాతది
WHERE sync_date = CURRENT_DATE - 1
-- కొత్తది
WHERE batch_no > (SELECT MAX(batch_no) FROM paid_batches)
```

ఏది ఎందుకు అలా రాశానంటే

తేదీ, వారం, పూట మూడూ కలిపి రాయడం కావాలని చేసిందే. మనవాళ్లకు రోజు మారేది సూర్యోదయంతో. చాలామంది "గురువారం రాత్రి నాలుగింటికి" అనేది గడియారం ప్రకారం శుక్రవారం తెల్లవారుజామును. కంప్యూటరుకు అలా కాదు. తెల్లవారుజాము పనుల మెసేజిలో వారం పేరు ఒక్కటే రాస్తే సగంమంది ఒకరోజు అటో ఇటో అర్థం చేసుకుంటారు.

కారణం ఆయన ప్లాంటు భాషలో రాశాను. 'సేవ మెరుగుదల' అని రాస్తే ఆయన ఎవరికీ దాన్ని వివరించలేరు. రెండు బిల్లుల గొడవ అని రాస్తే అకౌంట్స్ వాళ్లు "ఎందుకు మారుస్తున్నారు" అని అడిగినప్పుడు అదే మాట చెప్పేస్తారు. కారణం తెలిసిన మనిషి మనం రాయనివి కూడా పట్టుకుంటాడు. కొత్త స్క్రిప్టు చూసి "అయితే పాత బ్యాచ్‌లు `paid_batches`లో ముందే వేసుకోవాలి కదండి" అని ఆయనే అడిగారు. అది నిజం. చెల్లించిన బ్యాచ్‌ల నంబర్లు రాసుకునే ఆ టేబుల్ కొత్తది, ఖాళీగా ఉంటుంది. ఖాళీ టేబుల్ మీద `MAX` అడిగితే `NULL` వస్తుంది. ఏ నంబరునైనా `NULL`తో పోలిస్తే జవాబు నిజం కాదు, కాబట్టి ఒక్క వరుసా రాదు. అంటే మళ్లీ ఎర్రర్ లేని ఖాళీ ఫైలే. 16 ఉదయం చెల్లించిన బ్యాచ్ నంబరును, ఉదాహరణకు 611 అనుకోండి, చేత్తో ఒక వరుసగా వేయాలని కింద కలిపాను. దాంతో నేను అడిగిన రుజువు చాలదని కూడా తేలింది. సున్నా వరుసలు టేబుల్ ఖాళీగా ఉన్నా వస్తాయి, సరిగ్గా నింపినా వస్తాయి. అందుకని `SELECT MAX(batch_no) FROM paid_batches` ఫలితాన్ని కూడా అడిగాను. అక్కడ 611 కనిపించాలి.

`paid_batches`లో నంబరు ఎప్పుడు వేయాలన్నది కాసేపు వాదనైంది. బ్యాంకు ఒప్పుకున్నాక వేస్తే, ఆలోపు ఎవరైనా స్క్రిప్టు రెండోసారి నడిపినప్పుడు అదే ఫైలు మళ్లీ తయారవుతుంది. ఫైలు తయారైన వెంటనే వేస్తే, ఫైలు పోయిందంటే ఆ బ్యాచ్ చెల్లించినట్టే లెక్కలో ఉండిపోతుంది. రెండోది ఎంచుకున్నాం. డబ్బు రెండుసార్లు వెళ్తే రైతు దగ్గర వెనక్కి తేవడం కష్టం. పోయిన ఫైలును బ్యాచ్ నంబరుతో మళ్లీ తీయడం నిమిషం పని. ఫైలు పేరులోనే బ్యాచ్ నంబరు ఉండేలా పెట్టారు. ఈ లెక్కంతా నిలబడటానికి ఇంకో షరతు ఉంది. బ్యాచ్ సగం చేరి ఆగిపోకూడదు. మా సింక్ మొత్తాన్ని ఒకే ట్రాన్సాక్షన్‌లో వేస్తుంది, వేస్తే అంతా పడుతుంది, లేదంటే ఏమీ పడదు. అది లేనిచోట బ్యాచ్ నంబరు ఉపాయం వాడితే సగం రైతులు ఎప్పటికీ మిగిలిపోతారు.

'నోటెడ్' అన్న జవాబుకు చోటు లేకుండా చివరి పేరా రాశాను. మొదటి మెయిలుకు ఆయన చేశానన్నది అబద్ధం కాదు. ఆయన చేసిందీ మనకు కావలసిందీ ఒకటేనా అన్నది మాత్రం ఆ మాటలో తెలియదు. స్క్రీన్‌షాటులో 4:00 పక్కన ఏఎమ్ ఉందో పీఎమ్ ఉందో కనిపిస్తుంది.

ఏప్రిల్ 17 ఎందుకంటే అది అమావాస్య. అమావాస్యకు, పౌర్ణమికి రొయ్య పొర విడుస్తుందని, మెత్తగా ఉన్న సరుకుకు రేటు రాదని రైతులు ఆ రోజుల్లో పట్టుబడి పెట్టుకోరు. చీటీలు తక్కువ. ఏదైనా తేడా వచ్చినా చేత్తో సరిచూడగలిగినన్నే ఉంటాయి. ఐటీ క్యాలెండరులో ఈ తేదీకి ఏ ప్రత్యేకతా లేదు. ఆయన మాత్రం చూడగానే "మంచి రోజే పెట్టారండి" అన్నారు.

మార్పు రాత్రి

16 సాయంత్రం ఫైర్‌వాల్ స్క్రీన్‌షాటు వచ్చింది. స్క్రిప్టు ఫలితంలో వరుసలు సున్నా, `MAX` దగ్గర 611. తెల్లవారుజామున 4:15 ప్రయత్నం మొదటిసారికే లోపలికి వెళ్లింది. 6:00కి ఫైల్లో 612 బ్యాచ్ ఒక్కటే ఉంది. వరుసలు కాటా చీటీలతో సరిపోయాయి. ఆ వారంలోనే ఒక రాత్రి గాలివానకు ఇంటర్నెట్ లైను పడిపోయి నాలుగు ప్రయత్నాలూ పోయాయి. 5:30కి ఆయన ఫోను మోగింది, ఆయన నాకు చేశారు. లైను వచ్చాక ఆయన ఫైర్‌వాల్ చేత్తో తెరిస్తే 7:10కి బ్యాచ్ చేత్తో పంపాం. దాని మీద తేదీ ముద్ర ఒకరోజు ముందుకు పడింది, స్క్రిప్టు దాన్ని పట్టించుకోలేదు. ఎవరికీ రెండుసార్లు వెళ్లలేదు.

ఆ తర్వాత తేలిన ఇంకొకటి

నాలుగు రోజులయ్యాక కొనుగోలు మేనేజరు నుంచి ఫిర్యాదు వచ్చింది. రాత్రి పన్నెండింటికి ఆయన ఆఫీసు స్క్రీన్ మీద ఆ రోజు కొన్న మొత్తం చూసి, మర్నాటి రేటు ఏజెంట్లకు చెబుతారట. ఇప్పుడు అక్కడ నిన్నటి అంకె కనిపిస్తోంది. ఇది ఐటీ మనిషి జాబితాలో లేదు, ఉండదు కూడా. టాస్క్ షెడ్యూలర్లో ఆ పేరుతో పని ఏదీ లేదు, అది ఒక మనిషి అలవాటు. ఆయనకు కావలసింది చెల్లింపు లెక్క కాదు, అప్పటిదాకా తూగిన కేజీలు. అవి మా క్లౌడ్‌లో చీటీ పడ్డ వెంటనే ఉంటాయి. చూడటానికి మాత్రమే వీలుండే లాగిన్ ఒకటి ఆయన ఫోనులో పెట్టాం. ఇదివరకు పన్నెండింటి దాకా ఆగి చూసేవారు, ఇప్పుడు పదింటికే చూస్తున్నారు.

నమూనా మెయిలును మార్చాం. యూటీసీ వరుస తీసేసి క్లయింటు టైము ఒక్కటే ఉంచాం. ఫోనులో అడిగే ప్రశ్నకు రెండోది చేర్చాం: ఆ గంటల్లో ఏమేం నడుస్తాయి అన్నదానితో పాటు, ఆ గంటల్లో ఆ స్క్రీన్ ఎవరు తెరుస్తారు అని. చలికాలంలో పట్టుబడులు పగటికి మళ్లాక 11:30కి తిరిగి వెళ్దామా అని ప్లాంటు వాళ్లు అడిగారు. వద్దన్నాం. పగటి సరుకుకు 4:15 వల్ల నష్టమేమీ లేదు, ఎందుకంటే ఫైలు ఎటూ 6:00కే తయారవుతుంది. ఏడాదికి రెండుసార్లు ఈ నాలుగు మార్పులూ అటూ ఇటూ తిప్పడంలో ఏదో ఒకటి మర్చిపోయే అవకాశమే ఎక్కువ.